నేను గీత కొట్టని వాక్యం

ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు సరిచూశాను. మొదటిసారి వదిలేశాను. రెండోసారి దాని వెంటబడి కుప్పం దాకా పోయాను. ఈ రెండింటి మధ్య ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో, నాకు ముఖపరిచయం కూడా లేని ఒక మనిషి కాలు మెల్లగా చెడిపోతూ వచ్చింది.

మదనపల్లె బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక ప్రెస్సులో నేను ప్రూఫులు చూస్తాను. కరపత్రాలు, పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, డబ్బాల మీద అంటించే లేబుళ్లు, ఏది తెచ్చినా మా ప్రెస్సులో వేస్తారు. మొదట్లో అచ్చుతప్పులు చూసి పెడితే నా పని అయిపోయేది. ఒకసారి పక్షవాతానికి గ్యారంటీ వైద్యం అని ఎవరో రాయించుకుంటే మావాళ్లు వేసిచ్చారు. మా ఓనరుకు తాఖీదు వచ్చింది. రాయించుకున్నవాడితో పాటు అచ్చు వేసినవాడు కూడా జవాబు చెప్పుకోవాలని ఆయనకు అప్పుడే తెలిసింది. అప్పట్నుంచి ఏ కాగితమైనా మిషనెక్కే ముందు నా బల్ల మీదికి రావాల్సిందే.

నాకు ఆ పని బాగా అబ్బింది. అబ్బడానికి కారణం చదువు కాదు, నా అనుమానం. పుట్టుకతోనే నేను ఎవరి మాటా ఒక్కసారికి నమ్మే మనిషిని కాదు. మా ఆయన చారు బాగుందంటే, నిన్నటి చారు బాగాలేదా అని అడిగేదాకా నాకు అన్నం దిగదు. ఇంట్లో నన్ను భరించడం కష్టమని నాకూ తెలుసు. ప్రెస్సులో మాత్రం దానికే జీతమిస్తారు.

బెస్ట్, నంబర్ వన్, గ్యారంటీ, శాశ్వతం, నయం, వంద శాతం, సైడ్ ఎఫెక్ట్స్ లేవు. ఈ మాటలు కనబడగానే ఎర్ర పెన్నుతో చుట్టేస్తాను. చుట్టి, ఎవరు చెప్పారు, దేనితో పోల్చి చెప్పారు, చూపించడానికి కాగితం ఉందా అని అడుగుతాను. ఒక స్వీటు షాపాయన రాయలసీమలోనే బెస్ట్ మైసూర్‌పాక్ అని రాయించుకొచ్చాడు. రాయలసీమంతా తిరిగి తిన్నావా అన్నాను. సరే, స్వచ్ఛమైన నేతితో చేసిన మైసూర్‌పాక్ అని పెట్టండి అన్నాడు. అంతా నెయ్యేనా అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. చివరికి మైసూర్‌పాక్ అని మాత్రమే అచ్చయింది. ఆ షాపులో ఇప్పటికీ సాయంత్రానికి పళ్లెం ఖాళీ అవుతుంది.

ఒక కోచింగ్ సెంటరువాళ్లు ఉద్యోగం గ్యారంటీ అని పెద్దగా పెట్టి, పక్కన చుక్క గుర్తేసి, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు వర్తిస్తాయి అన్నారు. పైన పెద్దగా చెప్పిన అబద్ధాన్ని కింద చిన్నగా వెనక్కి తీసుకోవడం కుదరదని చెప్పాను. ఉద్యోగ పరీక్షలకు శిక్షణ అని మార్చాను. వాళ్లు చేసేది అదే. చేసేదేదో చెప్పమంటే జనానికి ఎందుకంత కష్టమో నాకు అర్థం కాదు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది జబ్బుల దగ్గర. చాలామంది నయం చేస్తుంది అనే చోట తోడ్పడవచ్చు అని పెడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. షుగరు, క్యాన్సరు, మూర్ఛ లాంటి జబ్బుల పేరు పెట్టి ఇది తగ్గిస్తుందని ప్రకటన వేయడమే తప్పు. తినే వస్తువుకైతే అసలు ఏ జబ్బునూ నయం చేస్తానని చెప్పుకునే హక్కు లేదు. అక్కడ మాటను మెత్తబరచడం కాదు, జబ్బు పేరే తీసెయ్యాలి. తీసేసి, పొట్లంలో ఏముందో, ఎట్లా తినాలో రాస్తే చాలు.

ఇంత తెలిసిన నేను ఆ వాక్యాన్ని ఎట్లా వదిలేశానో చెప్పాలి.

పుంగనూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లచొక్కా, చంకలో గొడుగు. ఒంటి నుంచి మెంతుల వాసన. రాగులు, కొర్రలు, మెంతులు, నేరేడు గింజలు వేయించి పొడి కొట్టించి పొట్లాలు కట్టి అమ్ముతాడు. కరపత్రం మీద షుగరుకు శాశ్వత పరిష్కారం అని రాయించుకొచ్చాడు. నేను దాన్ని కొట్టేశాను. వారంలో ఫలితం గ్యారంటీ అన్నది కొట్టేశాను. ఆయన ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు.

"మీరు ఎట్ల సెప్తే అట్లే కానీండమ్మా," అన్నాడు.

ఆ మెత్తదనమే నాకు నచ్చలేదు. నిజమైన సరుకున్నవాడు పోట్లాడతాడని నా లెక్క. లైసెన్సు కాగితం తెమ్మన్నాను. తెచ్చాడు. నంబరు సరిచూశాను, సరిగ్గానే ఉంది. అనుమానం తీరలేదుగానీ, పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

కరపత్రం వెనకవైపు ఒక ఆడమనిషి ఫోటో ఉంది. నలభై ఏళ్ల పైమాటే. నుదుట పెద్ద బొట్టు, వెనక ఒక ఆవు సగం కనబడుతోంది. ఫోటో కింద కొటేషన్ గుర్తుల మధ్య, "మాత్రలు మానేసినాను. ఇప్పుడు బాగుండాను," అని ఉంది.

నేను ఈ ప్రెస్సుకు రాకముందు ఒక పత్రికలో ప్రూఫులు చూసేదాన్ని. అక్కడ నాకు మొట్టమొదట నేర్పిన పాఠం ఒకటుంది. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఎదుటి మనిషి సొత్తు, అందులో కామా కూడా నువ్వు మార్చడానికి లేదు అని. ఆ పాఠం నా చేతికి ఎంత పట్టేసిందంటే, ఆ గుర్తులు కనబడగానే పెన్ను దానంతటదే కాగితం మీంచి పైకి లేస్తుంది. ఆ రోజు కూడా లేచింది. ఉండాను అన్న మాటను ఉన్నాను అని దిద్దలేదని లోపల మురిసిపోయాను కూడా. ఇంకొకరి నోటితో చెప్పించినా అది అమ్మేవాడు చెప్పినట్టేనని, నేను తలుపు దగ్గర ఆపిన అబద్ధమే కిటికీలోంచి లోపలికొచ్చి కూర్చుందని నాకు తట్టలేదు. అచ్చుకు ఓకే అని సంతకం పెట్టాను.

ఏడాది తర్వాత పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి కరపత్రాలతో పాటు ఫ్లెక్సీ కావాలన్నాడు. పలమనేరులో, కుప్పంలో దుకాణాల ముందు కట్టిస్తాడట. ఫ్లెక్సీలో పొడి పొట్లం మూలకు పోయింది. ఆ ఆడమనిషి మొహం మధ్యకొచ్చింది. మాత్రలు మానేసినాను అన్న మాట జానెడు జానెడు అక్షరాల్లో తలమీదికెక్కింది.

అక్షరం పెద్దదయ్యేసరికి నా అనుమానం నిద్రలేచింది. అది కూడా తప్పు దారిలోనే లేచింది. అసలు ఈ మనిషి ఉందా అని నాకు మొదటి అనుమానం. ఏ ఫోటో స్టూడియోలోనో దొరికిన బొమ్మేమో, పేరూ ఊరూ లేని మొహమేమో అనుకున్నాను.

"ఈమె నిజంగా ఉందా పెద్దాయనా?" అన్నాను.

"ఉండాదమ్మా. కుప్పం పక్కన పల్లె."

"ఫోన్ నంబరు ఇవ్వండి."

"ఆ యమ్మకి ఫోను లేదు."

ఈ కాలంలో ఫోను లేని మనిషా! నాకు చేప గాలానికి తగిలినట్టే అనిపించింది. ఆయన సంచీలోంచి ఒక ఒప్పుకోలు కాగితం తీశాడు. ఫోటో వేసుకోవచ్చునని ఆయన చేతిరాతే, కింద ఒక వంకర సంతకం. అది చూశాక నా నమ్మకం ఇంకాస్త తగ్గింది. ఊరి పేరు రాసుకుని, ప్రూఫు పక్కన పెట్టేశాను.

మా ఓనరు తల పట్టుకున్నాడు. "నీకు అనుమానం వచ్చిందంటే అది తీరేదాకా మాకు పని జరగదు. పోయి సూసి రాపో," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేదాకా, దొంగను పట్టుకోబోతున్న పోలీసులాగా హుషారుగా ఉన్నాను. ఉన్నమాట చెప్పాలంటే, ఆ మనిషి లేకపోతే బాగుండునని కోరుకున్నాను. నా తెలివి నిరూపణ కావాలని తప్ప నాకింకేం పట్టలేదు.

ఆమె పల్లెలో పాలకేంద్రం దగ్గర కరపత్రం చూపించి అడిగాను. పాలు పోయించుకునే మనిషి చూడనైనా చూడకుండా, "కాగితంలో ఉండే యమ్మేనా? అట్ల పోండి, ఆవుల కొట్టం ఉండే ఇల్లు," అన్నాడు.

ఆమె ఉంది. నేను నీరుగారిపోయాను.

ఇంటి ముందు ఆవులకు మేత వేస్తోంది. నన్ను చూసి ఎవరని అడగలేదు. నాలాంటివాళ్లు వస్తూ ఉంటారని అర్థమైంది. ప్లాస్టిక్ కుర్చీ వేసి, "మీకా అక్కా, మీ ఇంట్లో వాళ్లకా? ఎన్నేండ్ల నుంచి ఉండాది షుగరు?" అంది. గోడ మీద మా కరపత్రం. దానికి ప్లాస్టిక్ కాగితం అతికించి, చుట్టూ పసుపు బొట్లు పెట్టారు.

"మాత్రలు నిజంగానే మానేసినారా?" అన్నాను.

"మాత్రలు మానేసినాను. ఇప్పుడు బాగుండాను," అంది.

అక్షరం పొల్లుపోలేదు. కరపత్రంలో ఎట్లా ఉందో అట్లే అంది, బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు. నాకు మళ్లీ ఏదో తేడాగా అనిపించి ఆమెను తలనుంచి కిందికి చూస్తూ వచ్చాను. కుడికాలికి పాత చీరపేలిక చుట్టి ఉంది. పేలిక మీద పసుపు, దాని కింద తడి. ఆవుల వాసనలో కలవని వాసన ఇంకొకటి.

"కాలికేమైంది?"

"ఆవు తొక్కింది. శానా దినాలాయె. ఏం కాదులే అక్కా, నొప్పే లేదు."

నొప్పి లేదన్న మాటకే నాకు భయమేసింది. మా అత్తకు షుగరుండేది. ఆమె కాలు కూడా నొప్పి లేకుండానే పుండుపడింది. పేలిక విప్పమన్నాను. వద్దంది. నేనే కింద కూర్చుని విప్పాను. బొటనవేలు నల్లగా ఉంది.

బస్సులో అంతసేపూ ఆమె ఉందా లేదా అని అనుమానపడ్డాను. ఎట్లా ఉందో అని ఒక్కసారి కూడా అనుమానపడలేదు. ఆ క్షణంలో నా మీద నాకు పుట్టిన అసహ్యాన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఆస్పత్రికి పోదాం అన్నాను. ఆమె భయపడింది. నొప్పికి కాదు. "ఆస్పత్రి కాడ మావూరోళ్లు సూస్తే ఏమనుకుంటారు?" అని ఒకటే మాట. ఆమెకు సిగ్గేమో అనుకున్నాను. బతిమాలాను, కసిరాను. చివరికి పాలకేంద్రం ఆటోను పిలిచి ఎక్కించాను. కొంగు తలమీదికి లాక్కుని, దారిపొడుగునా ముఖం కనబడకుండా కూర్చుంది.

ఆస్పత్రిలో నెత్తురు చూశారు. షుగరు బాగా ఎక్కువగా ఉందన్నారు. డాక్టరమ్మ కాలు అటూ ఇటూ తిప్పి చూసి, వేలు తీసెయ్యాల్సిందే, పాదం దక్కుతుందేమో చూద్దాం అంది. "మాత్రలు ఎప్పట్నుంచి ఆపేశావు?" అని అడిగింది. ఆమె నా వైపు చూసింది. దాదాపు ఏడాదిగా అని నేనే చెప్పాను.

మదనపల్లెకు తిరిగొచ్చాక పెద్దాయనను పిలిపించాను. ఆయన మీద అరవాలని మాటలన్నీ కూడబెట్టుకున్నాను. వేలు తీసేశారని చెప్పగానే ఆయన కుర్చీలో కూలబడ్డాడు. గొడుగు కిందపడితే తీసుకోలేదు.

"ఆ యమ్మ సెప్పిందే నేను రాసినా కదమ్మా. ఒక్క అక్షరం ఎక్కువ రాయలా," అన్నాడు.

"తెలుసు," అన్నాను. ఆ కరపత్రం పాత ప్రూఫు మా ఫైల్లోనే ఉంది. దాని మీద ఉన్న సంతకం నాదే.

కాసేపటికి ఆయన తేరుకుని, "మాత్రలు తగ్గించుకున్నాను అని మెత్తగా పెడదామా?" అన్నాడు. కుదరదన్నాను. ఫలితం మనిషి మనిషికీ మారవచ్చు అని కింద చిన్నగా వేద్దామా అన్నాడు. కుదరదన్నాను. ఆ వాక్యం తీసేశాను. ఫోటో తీసేశాను. షుగరు అన్న మాట ఎక్కడా మిగల్లేదని మళ్లీ చూసుకున్నాను. పొడిలో ఏమేం ఉన్నాయో, గ్లాసుడు మజ్జిగలో ఎట్లా కలుపుకోవాలో ఉంచాను. అడుగున ఒక వరుస చేర్చాను. ఇది ఆహారం, మందు కాదు, డాక్టరు ఇచ్చిన మందులు ఆపకండి అని.

ఆయన దాన్ని పైకి చదివాడు. "ఇది అడుగున యాల ఉండాల? పైకి తెండి. పెద్దగా ఎయ్యండి," అన్నాడు.

ఇట్లా అంటున్నాడంటే ఇందులో ఏం ఎత్తుందో అని చూశాను. నా బుద్ధి అంత. ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆ వరుసను పైకి తెచ్చాను. దుకాణాల్లో మిగిలిన పాత కరపత్రాలన్నీ వెనక్కి తెస్తానని చెప్పి పోయాడు. నాలుగు రోజులాగి ఆ దుకాణాలకు ఫోన్ చేసి కనుక్కున్నాను. నిజంగానే వచ్చి తీసుకుపోయాడట. ఫ్లెక్సీ మాట మళ్లీ ఎత్తలేదు.

కొత్త కరపత్రం అచ్చయిన వారానికి, ఒకటి బ్యాగులో పెట్టుకుని మళ్లీ కుప్పం పోయాను. ఆమె ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. పాదం దక్కింది. కట్టుకట్టిన కాలు దిండుమీద పెట్టుకుని, కొంగు తలమీద కప్పుకునే పక్క మంచం ఆమెతో కబుర్లాడుతోంది. మంచం పక్కన చిన్న బల్ల మీద మాత్రల చీటీ ఉంది. నర్సు ఇచ్చిన మాత్ర గుప్పిట్లో పట్టుకుని ఉంది, వేసుకోలేదు.

కరపత్రం చేతికిచ్చాను. ముందు చూసింది. తిప్పి వెనక చూసింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"నేను లేనే?"

"తీసేసినామమ్మా."

"నా మాట?"

"అది కూడా తీసేసినాం."

బాధపడుతుందనుకుని ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె పెద్దగా ఊపిరి వదిలింది.

"అయితే ఇంక నేను మాత్రలు మింగొచ్చు," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పుకొచ్చింది. పెద్దాయన ఊళ్లోకి వచ్చి అడిగిననాటికి ఆమె నిజానికి మాత్రలు మానెయ్యలేదట. అయిపోయినాయి, తెచ్చుకోవడానికి నాలుగైదు రోజులు పట్టింది. ఆ రోజుల్లో పొడి తాగింది, ఒళ్లు తేలిగ్గా అనిపించింది, మానేసినానని సంతోషంగా చెప్పింది. ఆయన అటు పోగానే మాత్రలు తెచ్చుకుని మళ్లీ వేసుకుంటూనే ఉంది. నెల తిరిగేసరికి ఫోటోతో కాగితం వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు వచ్చి అడగడం మొదలుపెట్టారు. ఆమె మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుని మింగేది. ఒకరోజు పొడి సంగతి అడగడానికి వచ్చిన ఒకామె అది చూసేసింది.

"కాగితంలో ఉండేది అబద్ధమా అని అందురి ముందరా అడిగిందక్కా. నాకు తల తీసేసినట్టాయె. ఆ దినమే మాత్రలు సెత్తకుప్పలో పారేసినాను."

"ఆ పెద్దాయనకు చెప్పి మార్పించుకోవచ్చు కదమ్మా?"

"అచ్చయిపోయినంక మార్సేదానికి అయితాదా అక్కా?"

నా జీవితమంతా చేసిన పని అదే. అచ్చుకు ముందు మార్చడం. నేను ఓకే పెట్టిననాటికి ఆ వాక్యం అబద్ధం. కొటేషన్ గుర్తులు చూసి నేను దాన్ని వదిలేస్తే, మాట పోకూడదని ఈమె తన ఒళ్లు పెట్టి నిజం చేసింది.

నేనెవరో ఆమెకు అప్పటిదాకా చెప్పలేదు. పొడి సంగతి అడగడానికి వచ్చి జాలిపడిన మనిషిననుకుంటోంది. ఆ కాగితం అచ్చుకు పోయేముందు నా చేతికే వచ్చిందని, ఆ మాటను కొట్టెయ్యాల్సింది నేనేనని, కొట్టలేదని చెప్పాను.

తిడితే బాగుండునని ఉంది నాకు. గోడవైపు తిరిగి పడుకున్నా బాగుండేది. ఆమె తలమీది కొంగు భుజాల మీదికి దించుకుని, వార్డులో అందరికీ కనబడేటట్టు గుప్పిట విప్పింది.

"ఆ సెంబులో నీళ్లు ఇట్లియ్యక్కా," అంది.

ఇచ్చాను. మాత్ర నోట్లో వేసుకుని మింగింది.